8 నంబరు బిగుతు, 9 నంబరు వదులు: షూ మీద D, 2E అక్షరాలు ఎలా చదవాలి

ప్రశ్న: అన్నా, నాది ఒంగోలు. ఫీల్డ్ జాబ్, రోజంతా షూ తోనే ఉండాలి. 8 నంబరు వేస్తే వేళ్లు నొక్కుకుపోయి సాయంత్రానికి చిటికెన వేలు మండుతోంది. 9 వేస్తే మడమ జారుతోంది, ముందు వేళ్లు మాత్రం అలాగే నొక్కుకుంటున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే D, 2E, 4E అని అక్షరాలు ఉన్నాయి, కొన్నిటికి G అని ఉంది. నేను ఏది తీసుకోవాలి? ఇప్పటికే కొన్న రెండు జతల్ని ఏం చేయాలి?

జవాబు:

మీ పాదం పొడవు చాలావరకు 8 నంబరుదే. చాలనిది వెడల్పు. కాబట్టి 9 వైపు వెళ్లకండి, 8 లోనే వెడల్పు రకం చూడండి. అమెరికన్ పద్ధతిలో అమ్మే షూ అయితే 2E, ఇంగ్లండ్ పద్ధతిలో అయితే G నుంచి మొదలుపెట్టండి. అయితే కొనే ముందు ఇంట్లో పావుగంట కొలతలు తీసుకోవాలి. వేళ్లు నొక్కుకోవడానికి వెడల్పు ఒక్కటే కారణం కాదు. కారణం వేరే అయితే 4E కొన్నా బాధ పోదు.

నేను ఆంబూరులో షూ ఫ్యాక్టరీలో లాస్టుల విభాగంలో పనిచేసి, తర్వాత నెల్లూరులో సొంతంగా చెప్పుల షాపు పెట్టుకున్నాను. మీరు చెప్పిన ఫిర్యాదు మా షాపులో తరచూ వినేదే. దాదాపు అందరూ మీలాగే ఒక నంబరు పెంచి చూసి వస్తారు.

ముందు ఆ అక్షరం దేన్ని కొలుస్తుందో చెబుతాను. ప్రతి షూనూ ఒక లాస్టు మీద కుడతారు. లాస్టు అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు. ఒకప్పుడు చెక్కతో చేసేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. నంబరు ఆ అచ్చు పొడవును చెబుతుంది, అక్షరం దాని లావును చెబుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. అక్షరం అంటే సోల్ అడుగున స్కేలు పెట్టి కొలిచే వెడల్పు మాత్రమే అనుకుంటారు. ఫ్యాక్టరీలో అసలు చూసేది చుట్టుకొలత. బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చిన చోటు నుంచి చిటికెన వేలి మొదలు మీదుగా టేపు చుట్టి వస్తే వచ్చే కొలత అది. పాదం పలచగా, వెడల్పుగా ఉన్నవాళ్లకూ, సన్నగా, ఎత్తుగా ఉన్నవాళ్లకూ ఒకే చుట్టుకొలత రావచ్చు. అందుకే ఒకే 2E షూ ఒకరికి హాయిగా ఉండి మరొకరికి పైన నొక్కుతుంది.

మన దగ్గర అమ్మే నంబర్లు ఇంగ్లండ్ లెక్కవి. ఆ లెక్కలో ఒక నంబరుకు మరో నంబరుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. 8 నంబరు లాస్టు పొడవు 11 అంగుళాలు. అమెరికా లెక్కలో కూడా మెట్టు అంతే. కాకపోతే మగవాళ్ల షూకు అక్కడ దాదాపు ఒకటి ఎక్కువ వేస్తారు, కాబట్టి మన 8 అక్కడ 9 అవుతుంది. ఇక చుట్టుకొలత విషయానికి వస్తే, మామూలుగా పాటించే లెక్కలో ఒక అక్షరం పెరిగితే పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. పొడవు ఒక నంబరు పెరిగినా చుట్టుకొలత ఆ పావు అంగుళమే పెరుగుతుంది. మీ సమస్యకు జవాబు ఈ రెండు మాటల్లోనే ఉంది.

8 D నుంచి 9 D కి వెళ్తే మీకు దొరికిన అదనపు చుట్టుకొలత ఆరు మిల్లీమీటర్లు. 8 E తీసుకున్నా దొరికేది అంతే. తేడా ఏమిటంటే 9 D తీసుకున్నప్పుడు మీకు అక్కరలేని ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవు కూడా వెంట వచ్చింది. మీ పాదానికి నిజంగా 8 2E కావాలనుకోండి. ఆ చుట్టుకొలత D లో దొరకాలంటే 10 నంబరు దాకా వెళ్లాలి. అంటే పొడవు పదిహేడు మిల్లీమీటర్లు ఎక్కువ. అంత పొడవైన షూలో మడమ నిలవదు.

మడమ జారడం ఒక్కటే అయితే లేసు బిగించుకుని సరిపెట్టుకోవచ్చు. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. పాదంలో అన్నిటికంటే వెడల్పైన చోటు వేళ్ల మొదళ్ల దగ్గర ఉంటుంది, మడమ నుంచి కొలిస్తే మొత్తం పొడవులో దాదాపు పదింట ఏడు పాళ్ల దగ్గర. షూ కూడా అక్కడే వెడల్పుగా ఉంటుంది, అక్కడే వంగుతుంది. పొడవు పెంచితే షూలో ఆ వెడల్పైన చోటు ముందుకు జరిగిపోతుంది. మీ పాదంలో వెడల్పైన చోటు మాత్రం షూలో ఇంకా సన్నగా ఉన్న నడుము దగ్గరే ఆగిపోతుంది. పైగా మడమ వదులు కాబట్టి అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జారి, మూతి సన్నబడే చోటికి వేళ్లను తోస్తుంది. పెద్ద షూలో వేళ్లు నొక్కుకుంటున్నాయని మీరు ఆశ్చర్యపోయారు, దానికి కారణం ఇదే.

ఇప్పుడు అక్షరాల సంగతి. ఇందులో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క, అది తెలియకుండా ఆన్‌లైన్‌లో కొంటే తప్పుడు జత ఇంటికి వస్తుంది. అమెరికన్ పద్ధతిలో మగవాళ్ల షూకు D మామూలు వెడల్పు. B అంటే సన్నది. E, 2E వెడల్పువి. 2E ని కొన్నిచోట్ల EE అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. 4E అంటే బాగా వెడల్పు. నడకకు, పరుగుకు వేసుకునే షూలలో మధ్యలో ఉన్న అక్షరాలు వదిలేసి ఎక్కువగా D, 2E, 4E చేస్తారు. ఇంగ్లండ్ పద్ధతిలో మామూలు వెడల్పు చాలా కంపెనీలకు F. G వెడల్పు, H ఇంకా వెడల్పు, E అంటే సన్నది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: అమెరికన్ షూ మీద E చూస్తే వెడల్పు, ఇంగ్లండ్ లెక్కలో కుట్టిన తోలు షూ మీద E చూస్తే సన్నది. జపాన్ లెక్క మరోలా ఉంటుంది. అక్కడ మామూలుగా అమ్మే షూలకే 2E అని ఉండటం సాధారణం, కాబట్టి జపాన్ మార్కెట్టు కోసం చేసిన షూ మీద 2E చూసి వెడల్పుదని అనుకోకూడదు, అలాంటప్పుడు 3E లేదా 4E చూడాలి.

ఆడవాళ్ల షూలలో అదే అమెరికన్ లెక్కలో B మామూలు, D వెడల్పు. ఆన్‌లైన్‌లో ఇద్దరికీ పనికొస్తుందని అమ్మే షూకు D అని ఉంటే, అది ఎవరి లాస్టు మీద కుట్టారో వివరాల్లో చూసుకోవాలి. ఇంకో చిన్న విషయం. డబ్బా మీద M అని ఉంటే అది మీడియం కావచ్చు, మగవాళ్లది అని చెప్పే గుర్తూ కావచ్చు. నంబరు పక్కన M ఉంది కదా అని వెడల్పు తెలిసిపోయిందనుకోవద్దు. W విషయంలోనూ అంతే, వైడ్ అనీ కావచ్చు, ఆడవాళ్లదనీ కావచ్చు.

మన ఊళ్లలో పెద్ద చిక్కు ఏమిటంటే చాలా షూల మీద అసలు అక్షరమే ఉండదు. ఒంగోలు కర్నూలు రోడ్డులోనో, నెల్లూరు ట్రంకు రోడ్డులోనో షాపుకెళ్లి 2E ఇవ్వమంటే ఎక్కువచోట్ల నంబరు ఒకటి పెంచి తెచ్చి ఇస్తారు. వాళ్ల దగ్గర ఉన్నది ఒకటే వెడల్పు, వాళ్లు చేయగలిగింది అంతే. అలాంటప్పుడు అక్షరం అడగడం మానేసి కొలతతో చూసుకోవాలి. అది ఎలాగో చెబుతాను.

సాయంత్రం కొలవండి. రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, మన మే నెల ఎండల్లో అయితే ఇంకా ఎక్కువ. పొద్దున కొలిచిన కొలతతో కొన్న షూ మధ్యాహ్నం నుంచి పట్టేస్తుంది. షూతో వేసుకునే సాక్సే వేసుకోండి. గచ్చు మీద కాగితం పరిచి, దాని అంచు గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా నిలబడండి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉండాలి. కూర్చుని కొలిస్తే వెడల్పు తక్కువ వస్తుంది, బరువు పడినప్పుడే పాదం పరుచుకుంటుంది. మీ అంతట మీరు వంగి గీస్తే బరువు ఒకవైపు మారిపోతుంది, అందుకే ఇంట్లో ఎవరినైనా గీయమనండి. పెన్సిల్ నిటారుగా పట్టుకోవాలి. లోపలికి వంచితే అయిదారు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది, అంటే ఒక అక్షరం మారిపోతుంది. అన్నిటికంటే పొడవైన వేలు దగ్గర ఒక గీత, బొటనవేలి మొదటి ఎముక పక్కన ఒక గీత, చిటికెన వేలి మొదటి ఎముక పక్కన ఒక గీత. మొదటిది పొడవు, మిగిలిన రెంటి మధ్య దూరం వెడల్పు. రెండు పాదాలూ కొలవండి. తేడా ఉంటే పెద్ద పాదానిదే లెక్క. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలు పొడవు, అలాంటివాళ్లకు దాని కొసే లెక్క.

పోల్చుకోవడానికి ఒక అంచనా ఇస్తాను. మన 8 నంబరు పాదానికి D వెడల్పు దాదాపు 10 సెంటీమీటర్లు. 2E అయితే దాదాపు 10.8. కంపెనీని బట్టి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. నంబరు మారితే ఇవీ మారతాయి. 10 నంబరు D వెడల్పు 8 నంబరు D కంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి 10.8 సెంటీమీటర్లు అంటే 2E అని బట్టీ పెట్టకండి, ఎంత పొడవుకు 10.8 అన్నదే ముఖ్యం.

ఆ మధ్య శింగరాయకొండ వైపు నుంచి ఒక మెడికల్ రెప్ వచ్చాడు. సరిగ్గా మీ మాటే. 8 నుంచి 9 కి మారాడు, ఫార్మల్ షూ, మూతి సన్నగా కోసుకుపోయిన రకం. ఆయన చెప్పేది వినకముందే ఆ పాత షూ అంతా చెప్పేసింది. పైన తోలు మీద ముడతలు వేళ్లు వంగే చోట పడలేదు, వెనక్కి, లేసుల దగ్గరగా పడ్డాయి. షూ వంగాల్సిన చోటు ఒకటి, పాదం వంగుతున్న చోటు ఇంకొకటి అన్నమాట. చిటికెన వేలి వైపు తోలు సోల్ అంచు దాటి బయటికి పొంగింది. లోపల మడమ తగిలే చోట లైనింగు అరిగి చిల్లు పడింది, ఎందుకంటే మడమ ప్రతి అడుగుకూ పైకీ కిందికీ రాసుకుంటోంది. లోపలి ఇన్సోల్ బయటికి తీసి చూస్తే నాలుగు వేళ్ల అచ్చు స్పష్టంగా పడింది, అయిదోది మాత్రం సగమే ఉంది. మిగతా సగం ఇన్సోల్ అంచు దాటి పక్క గోడ మీదికి ఎక్కింది. ఆ చిటికెన వేలి మీదే ఆనెకాయ.

కొలిస్తే ఎడమ పాదం 26.1 సెంటీమీటర్లు, కుడిది 25.8. వెడల్పు ఎడమది 10.8, కుడిది 10.6. పొడవు చూస్తే 8 సరిపోతుంది. 11 అంగుళాలంటే దాదాపు 28 సెంటీమీటర్లు. అందులో 26.1 పోగా మిగిలేది మూతి ఆకారానికి, వేళ్లు కదలడానికి చాలు. వెడల్పు చూస్తే D కంటే 8 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే నిజంగా 2E పాదం. 9 నంబరు వేసుకుని నడుస్తుంటే వేళ్ల ముందు దాదాపు రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది, పక్కన మాత్రం అసలు సందు లేదు.

ఆయనకు 8 నంబరులో G వెడల్పు, మూతి గుండ్రంగా ఉన్న డెర్బీ రకం ఇచ్చాను. డెర్బీలో లేసు రంధ్రాలున్న రెండు రెక్కలూ పైనుంచి కుట్టి ఉంటాయి, బాగా తెరుచుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్ రకంలో ఆ రెక్కలు కింద కుట్టేసి ఉంటాయి కాబట్టి అవి మూసుకుపోయాక ఇక సర్దుకోవడానికి చోటుండదు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకు, వెడల్పు పాదాలవాళ్లకు డెర్బీయే మేలు. వేసి నడిపించాక మడమ నిలిచింది, ముడత సరైన చోట పడింది. కుడి కాలు పూర్తిగా కుదిరింది. ఎడమ కాలి చిటికెన వేలు మాత్రం ఇంకా ఒకచోట తగులుతోంది అన్నాడు. నిజమైన తోలు కాబట్టి ఆ ఒక్కచోట మాత్రం స్ట్రెచరు అనే చెక్క పాదంతో రెండు రాత్రులు సాగదీసి ఇచ్చాను. H వెడల్పు ఇచ్చి ఉంటే చిన్నదైన కుడి పాదం లోపల అటూ ఇటూ ఆడేది. పాదాలు రెండూ సమానంగా లేనప్పుడు పెద్ద పాదానికి సరిపడే నంబరు తీసుకుని వెడల్పులో మిగిలిన చిన్న తేడాను ఇలా సర్దుకోవడమే పద్ధతి.

మీరు కొలిచాక వెడల్పు D కి దగ్గరగానే వచ్చిందనుకోండి. అప్పుడు నొక్కుడు అక్షరంది కాదు, మూతి ఆకారానిది. ఈ విషయం షాపుల్లో ఎవరూ చెప్పరు: అక్షరం వేళ్ల మొదళ్ల దగ్గరి లావునే చెబుతుంది, వేళ్ల కొసల దగ్గర షూ ఎంత సన్నబడుతుందో, లోపల ఎంత ఎత్తుందో చెప్పదు. రెండు షూలూ 2E అయి ఉండి, ఒకదాని మూతి గుండ్రంగా, రెండోదాని మూతి కొనదేరి ఉండొచ్చు. రెండో దానిలో వేళ్ల మొదళ్లు హాయిగానే ఉంటాయి, బొటనవేలు, చిటికెన వేలు మాత్రం లోపలికి వంగిపోతాయి. చిన్నప్పటి నుంచి చెప్పులు లేకుండా, లేదా హవాయి చెప్పులతో తిరిగిన మన కాళ్లకు వేళ్లు విచ్చుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచి, మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే మొత్తంమీద వెడల్పుగా ఉంటాయని తేల్చింది. మనకంటూ వేరే సైజుల పద్ధతి కావాలన్న ప్రతిపాదన దాన్నుంచే వచ్చింది. అందువల్ల మీకు D సరిపోకపోవడం మీ కాలి లోపం కాదు, ఆ లాస్టు మన కాళ్లను చూసి చేసింది కాదు.

మూతి ఆకారం పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఇన్సోల్ పరీక్ష. షూలోంచి ఇన్సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, దాని వెనక అంచుకు మడమ సరిగ్గా ఆనించి నిలబడండి. వేళ్ల ముందు బొటనవేలి గోరంత వెడల్పు, అంటే ఒక సెంటీమీటరు పైన ఖాళీ మిగలాలి. పక్కన ఏ వేలూ అంచు దాటకూడదు. వేళ్ల మొదళ్ల దగ్గర దాటితే వెడల్పు అక్షరం మార్చాలి. మొదళ్ల దగ్గర సరిపోయి కొసల దగ్గర దాటితే అదే అక్షరంలో వేరే మూతి వెతకాలి. ముందు ఖాళీ లేకపోతే అప్పుడు నంబరు పెంచాలి. అన్నీ సరిపోయినా గోరు పైన షూ తగిలి నొప్పి పుడుతుంటే ఎత్తు చాలట్లేదని అర్థం. షాపులో ఇన్సోల్ తీయనివ్వకపోతే గీసుకున్న కాగితాన్ని కత్తిరించి షూ అడుగున పెట్టి చూడండి. సోల్ బయటి అంచు కంటే కాగితమే వెడల్పుగా ఉంటే ఆ జత ఇక వేసి చూడనక్కరలేదు.

వేసి చూసేటప్పుడు కూడా రెండు కాళ్లకూ వేసి, లేసు పూర్తిగా కట్టి, నిలబడి చూడాలి. కూర్చుని ఒక కాలికి తొడిగి బాగుందనడం దండగ. షూ లోపల వేళ్లు పైకి కిందికి ఆడించగలగాలి. వేళ్ల మొదళ్ల దగ్గర పైన తోలును బొటనవేలితో అడ్డంగా నెట్టి చూడండి, కాస్త కదలాలి. రాయిలా బిగుసుకుని ఉంటే సన్నగా ఉన్నట్టు, చేతికి మడతలా దొరికితే వదులుగా ఉన్నట్టు. వాడితే సాగుతుందిలే సార్ అని షాపులో అంటారు. తోలు సాగేది పక్కలకు కొద్దిగా మాత్రమే, పొడవుకు సాగదు.

ఇప్పుడు మీ దగ్గరున్న రెండు జతల సంగతి. 8 నంబరు జత నిజమైన తోలుదైతే దాన్ని బాగుచేసే అవకాశం ఉంది. ముందు ఖర్చులేని పనులు చేయండి. లోపల మందపాటి ఇన్సోల్ ఉండి, అది ఊడివచ్చే రకమైతే, తీసేసి పలచటిది వేయండి. అడుగు ఎంత దిగితే వేళ్లకు పైన అంత చోటు దొరుకుతుంది. మందపాటి సాక్సు మానేసి పలచటివి వేసుకోండి. లేసు మామూలుగా అడ్డదిడ్డంగా కాకుండా వేళ్లకు దగ్గరున్న మొదటి రంధ్రాల జత వదిలేసి రెండోదాని నుంచి మొదలుపెట్టండి. అలా చేస్తే వేళ్ల మొదళ్ల దగ్గర షూ తెరుచుకుంటుంది, చీలమండ దగ్గర మాత్రం బిగుతుగా ఉంచుకోవచ్చు. ఈ మూడింటితోనే చాలామందికి నొప్పి సగం తగ్గుతుంది. నొప్పి ఒకే వేలి దగ్గర ఉంటే ఇవి చాలకపోవచ్చు.

అప్పటికీ పట్టేస్తుంటే చెప్పులు కుట్టేవారి దగ్గర స్ట్రెచర్ ఉందేమో అడగండి. మరతో విప్పుకునే చెక్క పాదంలా ఉంటుంది. తోలు లోపలి వైపు స్పిరిట్, నీళ్లు సమానంగా కలిపి కొద్దిగా తడిపి, స్ట్రెచర్ పెట్టి, తోలు బిగుసుకునే దాకా తిప్పి రాత్రంతా ఉంచాలి. రెండో రోజు ఇంకొక అరచుట్టు తిప్పాలి. ఒకేసారి గట్టిగా తిప్పితే కుట్టు చీలుతుంది. అన్నీ సరిగ్గా చేస్తే వెడల్పులో మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది, అంతకు మించి ఆశించకండి. అందుకే 2E పాదాన్ని D షూలో సాగదీసి కూర్చోబెట్టడం కుదరదు, E దగ్గర ఆగిపోతుంది. వేళ్ల కొసల దగ్గర షూ లోపల గట్టి అట్ట లాంటిది ఉంటుంది, దాన్ని టో పఫ్ అంటారు, అది సాగదు. నొక్కుడు అక్కడే అయితే స్ట్రెచర్ మీద డబ్బు పెట్టకండి. సింథటిక్ లేదా రెగ్జిన్ షూ అయితే స్ట్రెచర్ తీయగానే మళ్లీ పాత ఆకారానికి వచ్చేస్తుంది, లేదంటే పగులుతుంది. మీ జత ఏదో తెలియాలంటే లేసు రంధ్రాల దగ్గరో, నాలుక అంచులోనో కోసిన అంచు చూడండి. నార నారగా కనిపిస్తే తోలు, కింద గుడ్డ అల్లిక కనిపిస్తే సింథటిక్.

తడి బట్టలు కుక్కి ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్‌తో కాల్చడం మాత్రం చేయొద్దు. మే నెల ఎండలో కారులో వదిలేసిన షూలకే సోల్ అతుకు ఊడిపోయి నా దగ్గరికి వస్తుంటాయి. తోలు సాగేలోపే గమ్ మెత్తబడుతుంది. 9 నంబరు జత గురించి చెప్పాలంటే, దాన్ని నడకకు కాకుండా కూర్చుని ఉండే రోజులకు ఉంచుకోండి. మడమ దగ్గర ప్యాడ్ అతికిస్తే జారడం తగ్గుతుంది కానీ షూ వంగే చోటు మారదు, కాబట్టి రోజంతా తిరిగే పనికి అది సరిపోదు.

చీమకుర్తి క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ షూ వేసుకునేవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. ముందున్న ఉక్కు టోపీ సాగదు, దాన్ని ఎవరితోనూ కొట్టించి వెడల్పు చేయించొద్దు, కాపాడాల్సిన పని పోతుంది. అక్కడ ఉన్న దారి ఒకటే, వెడల్పు లాస్టు మీద చేసిన మోడలు తెప్పించుకోవడం.

చివరగా, నొప్పి సంగతి చూసుకోండి. షూ విప్పిన అరగంటలో పోయే నొప్పి షూదే. షూ మార్చాక కూడా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, కరెంటు కొట్టినట్టు తిమ్మిరి ఉంటే అక్కడి నరం ఒత్తిడికి గురై ఉండొచ్చు, ఎముకల డాక్టరుకు చూపించాలి. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు. ఒత్తిడి తీసేస్తే అదే మెత్తబడుతుంది. మీకు గానీ ఇంట్లో ఎవరికి గానీ షుగరు ఉంటే, హాయిగా ఉంది కదా అని షూ కొనకూడదు. స్పర్శ తగ్గిన కాలికి నొక్కుడు తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. వాళ్లు కొలతతోనే కొనాలి. కొత్త షూ వేసుకున్న రోజు గంటకోసారి విప్పి ఎర్రగా ఎక్కడైనా కందిందేమో చూసుకోవాలి, కందితే ఆ జత వద్దు.

ఆన్‌లైన్‌లో తెప్పించేటప్పుడు 8 లోనే D పక్కన 2E కూడా ఉన్న మోడలు ఎంచుకోండి. ఒకే మోడలు రెండు వెడల్పుల్లో అమ్ముతున్నారంటే రెండింటికీ వేరు లాస్టులు ఉన్నాయన్న నమ్మకం కలుగుతుంది. వైడ్ అని పేరులో మాత్రమే రాసి, అక్షరం గానీ సెంటీమీటర్ల కొలత గానీ ఇవ్వని షూను వదిలేయండి. వచ్చాక ఇంట్లో చాప మీద సాయంత్రం వేసి నడవండి, బయట నేల మీద నడిస్తే సోల్‌కు మట్టి అంటి వాపసు తీసుకోరు. ముందు కొలతలు తీసి రెండు పాదాల పొడవు, వెడల్పు ఇక్కడ రాయండి, ఏ వేలు పొడవో కూడా చెప్పండి. అవి చూసి 2E నా, 4E నా అన్నది, ఎలాంటి మూతి వెతకాలన్నది చెబుతాను.